కుర్చీలోంచి లేవడానికి ఎన్ని సెకన్లు?

ప్రతి ఏటా నవంబరు నెల వచ్చిందంటే మా బ్యాంకు శాఖలో పింఛనుదారుల సందడి మొదలవుతుంది. తాము జీవించే ఉన్నామని ధ్రువపత్రం ఇచ్చుకోవలసిన నెల అది. వేలిముద్రతో ఇంటినుంచే ఇచ్చే వసతి 2014లోనే వచ్చినా, శాఖకు వచ్చి నలుగురు పాత స్నేహితులను పలకరించి వెళ్ళాలన్న ముచ్చటతో వచ్చేవాళ్ళు ఇప్పటికీ చాలామందే. మా శాఖలో ఖాతాదారుల కోసం వేసిన కుర్చీలకు చేతులు లేవు. టోకెన్ నంబరు పిలవగానే వాళ్ళు లేచే తీరు నా సీట్లోంచి బాగా కనిపిస్తుంది. కొందరు చటుక్కున లేస్తారు. కొందరు రెండు అరచేతులూ తొడలమీద ఆనించి, ముందుకూ వెనక్కూ రెండుసార్లు ఊగి, మూడోసారికి లేస్తారు. మరికొందరు పక్కవారి భుజం పట్టుకుంటారు. ఇందులో వయసుతో నేరుగా పొంతన ఉండదు. ఎనభై దాటినా చటుక్కున లేచేవారున్నారు, అరవై ఐదుకే ఊగేవారున్నారు.

ఈ లేవడంలో ఉన్న కిటుకు మా అత్తగారి మూలంగా నాకు తెలిసింది. నేను డాక్టరును కాను. బి.కాం. చదివి అంకెలతో బ్రతుకుతున్నవాణ్ణి. ఆమెకు ఫిజియోథెరపిస్టు దగ్గరుండి చేయించినదీ, ఆ సందర్భంలో నేను చదివి తెలుసుకున్నదీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. మన ఇళ్ళలో పెద్దవాళ్ళు లేని ఇల్లు అరుదు కనుక పనికివస్తుందని నమ్మకం.

మా అత్తగారిది హిందూపురం. ఆమెకు డెబ్బై నాలుగేళ్ళు. మామయ్యగారు పోయిన తరువాత బెంగుళూరు రామమూర్తినగర్‌లో మా దగ్గరే ఉంటున్నారు. 2023 సెప్టెంబరులో ఆమెకు డెంగ్యూ వచ్చి తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. ఇంటికి వచ్చాక మరో మూడు వారాలు మంచం దిగింది తక్కువ. జ్వరం పోయింది, ప్లేట్‌లెట్లు పెరిగాయి, అందరం గట్టెక్కామనుకున్నాం. నవంబరు వచ్చేసరికి యాభై ఐదు కిలోల మనిషి యాభై ఒకటి అయ్యారు. సోఫాలోంచి లేవాలంటే మా ఆవిడ చెయ్యి అందించాలి. బాత్‌రూము గడప దాటుతూ ఒకసారి తూలి తలుపు పట్టుకుని ఆగారు. ఎక్స్‌రే తీస్తే మోకాళ్ళలో అరుగుదల ఉంది, కానీ అది ఐదేళ్ళనాటి ఎక్స్‌రేలోనూ ఉన్నదే. రెండు నెలల్లో కొత్తగా వచ్చింది గుజ్జు అరగడం కాదు, కండ కరగడం.

మంచం పట్టడం వల్ల కండ ఎంత పోతుందో 2007లో అమెరికాలో ఒక పరిశోధన చేశారు. ఏ జబ్బూ లేని పెద్దవాళ్ళను పన్నెండుమందిని, సగటున అరవై ఏడేళ్ళవాళ్ళను, పది రోజులు మంచంమీదే ఉంచారు. ఆ పది రోజుల్లోనే కాళ్ళలో ఇంచుమించు ఒక కిలో కండ తగ్గింది. ఆరోగ్యవంతుల సంగతే అది. జ్వరంతో, తిండి సహించక పడుకున్నవారి సంగతి వేరే చెప్పనక్కరలేదు. పడుచువాళ్ళు మళ్ళీ తిరుగాడడం మొదలుపెడితే ఆ కండ దానంతటదే చాలావరకు తిరిగి వస్తుంది. పెద్దవాళ్ళలో అలా రాదు.

ఇలా వయసుతో కండ, బలం తగ్గిపోయే స్థితికి సార్కోపీనియా అనే పేరును 1988లో అమెరికా వైద్య శాస్త్రజ్ఞుడు ఇర్విన్ రోజెన్‌బర్గ్ సూచించారు. గ్రీకు భాషలో మాంసం కొరవడటం అని అర్థం. అంతకు ముందు దీన్ని 'వయసు మీదపడటం' అనుకుని వదిలేసేవారు. ఇందులో గమనించవలసింది ఒకటుంది. కండ ఎంత తగ్గిందో బలం అంతే తగ్గదు, అంతకన్న వేగంగా తగ్గుతుంది. కండకు ఆజ్ఞలు మోసుకువచ్చే నరాలు కొన్ని వయసుతో రాలిపోతాయి. కండలో రెండు రకాల పోగులుంటాయి. నిదానంగా, ఎక్కువసేపు పనిచేసేవి ఒక రకం, చటుక్కున జోరుగా లాగేవి రెండో రకం. వయసులో ముందుగా సన్నబడేది ఈ రెండో రకమే. మనిషి మైలు దూరం నడవగలిగి ఉండి కూడా, కాలు తట్టుకున్నప్పుడు రెండో కాలు చటుక్కున ముందుకు వేసి నిలదొక్కుకోలేక పడిపోవడానికి ఇది ఒక ముఖ్య కారణం.

ఆ చటుక్కున వేసే అడుగుకు కావలసిన ఇంధనం ఎక్కడిదో మొదట చూసినవారిలో ఒకరు మన తెలుగువారే. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు బోస్టన్‌లోని హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1927లో కండరంలో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థం ఉందని వెల్లడించారు. రెండేళ్ళ తరువాత, 1929లో, ఏ.టి.పి.ని వేరుచేశారు. అదే సంవత్సరం జర్మనీలో లోమన్ అనే శాస్త్రజ్ఞుడు కూడా దాన్ని విడిగా కనిపెట్టారు. కండ ముడుచుకోవడానికి నేరుగా ఖర్చయ్యేది ఏ.టి.పి. కండలో అది కొద్దిగానే ఉంటుంది. ఖర్చయిన వెంటనే దాన్ని పూడ్చేది ఫాస్ఫోక్రియాటిన్. మొదటి కొద్ది సెకన్ల పని ఈ రెండింటితోనే జరుగుతుంది. బ్యాంకు భాషలో చెప్పాలంటే అది చేతిలో ఉన్న నగదు. తిన్న తిండి, ఒంట్లో కొవ్వు ఫిక్సెడ్ డిపాజిట్లు. కాలు జారిన క్షణంలో డిపాజిట్ విడిపించే వ్యవధి ఉండదు. కండ సన్నబడితే ఆ నగదు పెట్టె కూడా చిన్నదవుతుందన్నమాట.

ఇంతకూ మా అత్తగారి పరిస్థితిని ఎలా కొలిచారంటే, యంత్రాలేమీ తేలేదు. ఇంటికి వచ్చిన ఫిజియోథెరపిస్టు భోజనాల బల్ల దగ్గర ఉన్న గట్టి కుర్చీ ఒకటి గోడకు ఆనించి వేయించాడు. నేలనుంచి కూర్చునే చోటికి సుమారు పదిహేడు అంగుళాలు. రెండు చేతులూ ఎదమీద కట్టుకుని, ఆగకుండా ఐదుసార్లు పూర్తిగా లేచి నిలబడి కూర్చోవాలి. ఎన్ని సెకన్లు పట్టిందో చూస్తారు. 2019లో ఆసియా దేశాల వైద్యుల బృందం ఒకటి దీనికి హద్దు పెట్టింది. పన్నెండు సెకన్లుగానీ అంతకన్న ఎక్కువగానీ పడితే కండ సంగతి చూడవలసిందే. పిక్క చుట్టుకొలతకు కూడా ఆ బృందమే ఒక లెక్క చెప్పింది. మగవారికి ముప్ఫై నాలుగు, ఆడవారికి ముప్ఫై మూడు సెంటీమీటర్లకు తక్కువైతే అనుమానించాలి. జపాన్‌వారు టేపు కూడా అక్కరలేని పద్ధతి చూపించారు. మీ రెండు చేతుల బొటనవేళ్ళూ చూపుడువేళ్ళూ కలిపి పిక్క లావుగా ఉన్నచోట వలయంలా చుట్టండి. వేళ్ళు కలిసి ఇంకా సందు మిగిలితే కండ తక్కువైనట్టు. కాళ్ళకు నీరు పట్టినవాళ్ళలో మాత్రం ఈ రెండూ మోసం చేస్తాయి.

మా అత్తగారు చేతులు కట్టుకుని ఒక్కసారి కూడా లేవలేకపోయారు. చేతులు ఆనించుకుని ఐదుసార్లు లేవడానికి ఇరవై ఆరు సెకన్లు పట్టింది. పిక్క ముప్ఫై సెంటీమీటర్లు. ఆమెకు ఇదేమీ నచ్చలేదు. "పొద్దున్నా సాయంత్రం పార్కులో నడుస్తానే ఉండా గదా నాయనా, ఇంకేం చెయ్యల్ల?" అన్నారు.

ఈ ప్రశ్న మనందరి ఇళ్ళలోనూ వినిపించేదే కనుక కొంచెం వివరంగా చెప్పాలి. నడక గుండెకు మంచిది, షుగరుకు మంచిది, మనసుకు మంచిది. కానీ సమతలంమీద నడిచేటప్పుడు తొడకండ తన బలంలో కొద్ది భాగమే వాడుతుంది. ఆ జోరైన పోగులను పిలవవలసిన అవసరమే రాదు. వాటిని మేల్కొలపాలంటే పని కష్టంగా ఉండాలి. పది పన్నెండుసార్లు చేసేసరికి 'ఇక చాలు' అనిపించేంత బరువుండాలి. బలం పెరిగినకొద్దీ ఆ బరువూ పెరగాలి. అంతకు మించి సూత్రమేమీ లేదు. కీళ్ళ నొప్పుల భయంతో పెద్దవాళ్ళను మనం ఏ బరువూ ఎత్తనివ్వం. నీళ్ళ బిందె మనమే అందుకుంటాం, మెట్లు వద్దని లిఫ్టు నొక్కుతాం. ప్రేమతో చేసే ఈ పనులే వారి తొడలకు మిగిలిన కాస్త వ్యాయామాన్నీ తీసేస్తాయి.

అంత వయసులో బరువులా అని అనుమానం వస్తే ఒక పరిశోధన సంగతి వినండి. సుబ్బారావుగారు పనిచేసిన ఆ బోస్టన్ నగరంలోనే, హీబ్రూ రిహాబిలిటేషన్ సెంటర్ అనే వృద్ధుల ఆశ్రయంలో మరియా ఫియాటరోన్ అనే వైద్యురాలు తొంభై ఏళ్ళ ప్రాయంలో ఉన్న పదిమంది బలహీనులచేత ఎనిమిది వారాలు తొడకండకు గట్టి బరువుల వ్యాయామం చేయించారు. ఫలితాలు 1990లో అచ్చయ్యాయి. పూర్తి చేసినవారి తొడబలం సగటున రెండున్నర రెట్లకు మించి పెరిగింది. కండ మాత్రం తొమ్మిది శాతమే లావెక్కింది. అంటే మొదటి వారాల్లో వచ్చే బలం చాలావరకు నరాలు ఉన్న కండను మళ్ళీ వాడుకోవడం నేర్వడంవల్ల వస్తుంది. అందుకే అద్దంలో ఏ తేడా కనిపించకముందే కుర్చీలోంచి లేవడం సులువవుతుంది. 1994లో ఆమే నూరుమందితో చేసిన మరో పరిశోధనలో, వ్యాయామం లేకుండా పోషకాహార పానీయం మాత్రమే ఇస్తే బలహీనత తగ్గలేదని తేలింది. ప్రొటీన్ పొడి డబ్బాలు కొని అమ్మానాన్నలకు పంపే పిల్లలు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఇంట్లోనే చేసుకునే పద్ధతికి బాగా పేరుపడ్డది న్యూజిలాండ్‌లోని ఒటాగో విశ్వవిద్యాలయంవారు తయారుచేసినది. ఫిజియోథెరపిస్టు కొద్దిసార్లు ఇంటికి వచ్చి నేర్పి, బరువు పెంచి వెళతారు. మిగతాదంతా మనిషి తనంతట తాను వారానికి మూడు రోజులు, రోజుకు అరగంట చేసుకుంటారు. మొదటి పరిశోధన ఎనభై దాటిన స్త్రీలమీద చేసి 1997లో ప్రచురించారు. తరువాత నాలుగు పరిశోధనల్లోని వెయ్యిమందికి పైగా లెక్కలు కలిపి చూస్తే, పడిపోవడాలు మూడోవంతుకు పైగా తగ్గాయి. మా అత్తగారికి చేయించినది దాదాపు ఇదే.

సోమ, బుధ, శుక్రవారాలు పెట్టుకున్నాం. శనివారం ఆమెకు ఉపవాసం కనుక ఆ రోజు ఖాళీ. మొదట కుర్చీలో కూర్చుని మోకాలు చాపి, పాదం పైకెత్తి, మూడు అంకెలు లెక్కపెట్టి నిదానంగా దించడం. ఇది తొడ ముందు కండకు. తరువాత వంటింటి గట్టు పట్టుకుని నిలబడి, మడమ వెనక్కు ఎత్తడం. ఇది తొడ వెనక కండకు. అలాగే నిలబడి, నడుం వంచకుండా కాలు పక్కకు ఎత్తడం. ఇది తుంటి పక్క కండకు. ఒంటికాలిమీద బరువు పడినప్పుడు నడుం ఒరిగిపోకుండా పట్టేది ఇదే. ఈ మూడింటికీ చీలమండకు బరువు కట్టాలి. మా ఆవిడ పాత జాకెట్టు గుడ్డతో పొడుగాటి సంచులు కుట్టి, కొట్టుకు వెళ్ళి తూకం వేయించిన ఇసుక అరకిలో చొప్పున నింపి, నాడాలు పెట్టింది. ఆ తరువాత బరువు లేకుండా గట్టు పట్టుకుని మునివేళ్ళమీద లేవడం పదిసార్లు, మడమలమీద నిలబడి వేళ్ళు పైకెత్తడం పదిసార్లు. మడమలమీద నిలబడే ఈ రెండోదాన్ని తేలికగా తీసుకోకండి. నడిచేటప్పుడు కాలివేళ్ళు తివాచీ అంచుకూ గడపకూ తట్టుకోకుండా పైకెత్తేది ముంగాలి కండే.

అసలుది కుర్చీ. పదిహేడు అంగుళాల ఎత్తునుంచి లేవలేకపోయారు కనుక మడతపెట్టిన బొంతలు వేసి ఇరవై ఒక్క అంగుళాలు చేశాం. అక్కణ్ణుంచి చేతులు ఆనించకుండా లేవగలిగారు. పాదాలు మోకాళ్ళకన్న కాస్త వెనక్కు లాక్కుని, ముక్కు కాలివేళ్ళ మీదుగా వచ్చేంత ముందుకు వంగి, అప్పుడు లేవాలి. చాలామంది నిటారుగా కూర్చుని లేవబోయి కండ లేదనుకుంటారు. లేవడం కొంచెం చురుగ్గా, కూర్చోవడం నిదానంగా, దబ్బున పడకుండా. ఐదుసార్లు లేచి, రెండు నిమిషాలు ఆగి, మళ్ళీ ఐదు. లేచేటప్పుడు ఊపిరి బిగబట్టకుండా బయటికి వదలాలి. బిగబడితే రక్తపోటు ఒక్కసారిగా ఎగురుతుంది. ఆమెచేత పైకి అంకెలు లెక్కపెట్టించేవాళ్ళం, మాట్లాడేవాళ్ళు ఊపిరి బిగబట్టలేరు గదా.

చివర నిలకడకు కొంత. గట్టు పక్కన నిలబడి ఒక పాదం మడమను రెండో పాదం వేళ్ళకు ఆనించి పది సెకన్లు నిలవడం, తరువాత అలాగే గీతమీద నడిచినట్టు గట్టు పొడుగునా నడవడం. బలం ఉన్నా నిలకడ సాధన చేయకపోతే పడటం అంతగా తగ్గదని ఫిజియోథెరపిస్టు గట్టిగా చెప్పాడు.

బరువు పెంచే లెక్క ఇది. ఒకే బరువుతో పదిసార్లు చొప్పున రెండు విడతలు సుళువుగా, వణుకు లేకుండా చేయగలిగితే మరో అరకిలో కలపాలి. ఎనిమిదికే తీరు చెడితే ఆ బరువు ఎక్కువ. మా అత్తగారు అరకిలోతో మొదలుపెట్టి మూడో వారానికి కిలోకు వచ్చారు. కుర్చీమీద బొంతలు వారానికొకటి తీసేశాం. ఐదో వారంలో మామూలు కుర్చీలోంచి చేతులు కట్టుకుని ఐదుసార్లు లేచారు, పంతొమ్మిది సెకన్లు. ఆ ఉత్సాహంలో ఆమె ఒక వారమంతా ఎవరికీ చెప్పకుండా రోజూ చేశారు, పైగా సంక్రాంతికని పీటమీద కూర్చుని గంటలకొద్దీ అరిసెలు వత్తారు. కుడి మోకాలు వాచింది.

ఇక్కడే చాలామంది మానేస్తారు. గుజ్జు మరింత అరిగిందని భయం. కానీ లెక్క వేరు. మోకాటి గుజ్జుకు రక్తనాళాలు లేవు. నొక్కినప్పుడు పిండుకుని, వదిలినప్పుడు పీల్చుకుని, చుట్టూ ఉన్న ద్రవం నుంచే అది ఆహారం తీసుకుంటుంది. తగిన బరువు, కదలిక దానికి కావాలి. తొడకండ స్కూటరు షాక్ అబ్సార్బరులాంటిది. అది బలహీనమైతే ప్రతి అడుగు అదురూ కీలుమీదే పడుతుంది. కనుక అరిగిన మోకాలికి తొడబలం మరింత అవసరం. వ్యాయామం అరిగిన గుజ్జును తిరిగి పుట్టించదు, ఎక్స్‌రే మారదు. నొప్పి తగ్గి, కాలు వశమవుతుంది. ఎంత నొప్పి ఓర్చుకోవచ్చనేదానికి ఫిజియోథెరపిస్టు చెప్పిన కొలత బాగుంది. చేసేటప్పుడు కొద్దిగా నొప్పి ఉన్నా, మర్నాడు పొద్దుటికి ఎప్పటి స్థితికి వస్తే సరే. మర్నాటికీ ఎక్కువగా ఉంటేనో, వాపు వస్తేనో, బరువుగానీ విడతలుగానీ సగానికి తగ్గించాలి, మానేయకూడదు. కండలో పట్టేసినట్టుండే నొప్పి వేరు, అది రెండు రోజుల్లో పోతుంది. మా అత్తగారు నాలుగు రోజులు ఆగి, అరకిలోతో, ఎత్తు కుర్చీతో మళ్ళీ మొదలుపెట్టారు. రెండు వారాల్లో పాత స్థానానికి వచ్చారు. పీట మాత్రం అటకెక్కింది.

తిండి సంగతి కూడా చూశాం. అంకెలు నాకు అలవాటే కనుక ఒక రోజంతా ఆమె తిన్నది రాసుకున్నాను. రెండు కాఫీలు, రెండు ఇడ్లీలు, మధ్యాహ్నం అన్నం, చిన్న గరిటెడు పప్పు, చారు, కాస్త పెరుగు, రాత్రికి ఉప్మా, మజ్జిగ. ప్రొటీన్ అంతా కలిపి ముప్ఫై మూడు గ్రాముల దగ్గర తేలింది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్క ప్రకారం పెద్దలకు కిలో బరువుకు 0.83 గ్రాము, అంటే ఆమెకు నలభై రెండు కావాలి. పెద్ద వయసులో తిన్న ప్రొటీన్‌ను కండ మునుపటంత చురుగ్గా వాడుకోదు కనుక కిలోకు ఒక గ్రాము లేక కొంచెం పైన ఉండాలని వృద్ధుల వైద్యం తెలిసినవారు అంటారు. ఆమె శాకాహారి, గుడ్డు కూడా ముట్టరు. పొద్దున ఇడ్లీ బదులు పెసరట్టు, మధ్యాహ్నం పప్పు రెట్టింపు, సాయంత్రం గుప్పెడు వేరుశనగలు, రాత్రి ఒక గ్లాసు పాలు చేర్చేసరికి యాభై ఐదు గ్రాములయింది. శీతాకాలంలో బెంగుళూరు బజార్ల నిండా వచ్చే అనపగింజలు ఆమె చేతి సాంబారులో మా అందరికీ కలిసొచ్చాయి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాత్రం డాక్టరును అడగకుండా ప్రొటీన్ పెంచకూడదు.

మొదలుపెట్టే ముందు డాక్టరుకు చూపించుకోవలసినవారు మరికొందరున్నారు. నడిస్తే ఛాతీలో నొప్పి వచ్చేవారు, అదుపులో లేని రక్తపోటు ఉన్నవారు, ఈమధ్య ఎముక విరిగినవారు, కంటి శస్త్రచికిత్స అయినవారు. లేవగానే కళ్ళు తిరిగేవారికి లోపం కండలో కాక రక్తపోటు మాత్రల్లోనో నిద్రమాత్రల్లోనో ఉండవచ్చు. ఉన్నట్టుండి ఒక పక్క కాలు మాత్రమే బలహీనమైతే అది అసలు వ్యాయామంతో తేల్చుకునే విషయం కాదు, వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

మూడు నెలలకు ఐదుసార్లు లేవడానికి పద్నాలుగున్నర సెకన్లు పట్టింది. ఆరు నెలలకు, 2024 మేలో, పదకొండు సెకన్ల ఎనిమిది పాయింట్లు. చీలమండ బరువు రెండు కిలోలు. అప్పుడు నేలమీదనుంచి లేవడం కూడా నేర్పించారు. ఎంత జాగ్రత్తపడ్డా పడే రోజు రావచ్చు, పడి గంటలకొద్దీ లేవలేకపోవడం పడటమంత ప్రమాదం. వెంటనే లేవబోకుండా ముందు ఎక్కడైనా గట్టి నొప్పి ఉందేమో చూసుకోవాలి. ఉంటే కదలకుండా కేక వేయాలి. లేకపోతే పక్కకు ఒత్తిగిలి, మోచేతిమీద లేచి, మోకాళ్ళమీద అరచేతులమీద నిలిచి, దగ్గరున్న మంచం దాకానో కుర్చీ దాకానో పాకాలి. రెండు చేతులూ దానిమీద ఆనించి, బలమైన కాలి పాదం ముందు నేలమీద మోపి, తోసుకుంటూ లేచి, తిరిగి కూర్చోవాలి. మోకాళ్ళ కింద దిండు వేసి ఇది సాధన చేయించారు. మొదటిసారి ఐదు నిమిషాలు పట్టింది, నెల తరువాత నిమిషంలోపే.

ఆ ఏడాది చివర హిందూపురంలో మనవరాలి పెళ్ళికి వెళ్ళి ఐదు వారాలున్నారు. ఇసుక సంచులు వెంట తీసుకువెళ్ళారు గానీ, పెళ్ళివారింట్లో వాటిని చూసి నవ్వుతారని పెట్టె తెరవలేదట. తిరిగి వచ్చాక కుర్చీ వేసి చూస్తే పద్నాలుగు సెకన్లు. కిలోన్నరకు దిగి మళ్ళీ ఎక్కడం మొదలుపెట్టారు. 2025 మార్చికి పన్నెండు సెకన్ల లోపుకు వచ్చారు. ఇప్పుడు ఊరు వెళ్ళేటప్పుడు ఖాళీ సంచులు మాత్రం తీసుకువెళతారు, ఇసుక అక్కడే నింపుకుంటారు.